‘మేమే తయారీదారులం’ అన్నవాళ్ల కాగితాలు ఎలా చదవాలి

డీలర్‌షిప్ ఇస్తామంటారు, జిల్లా మొత్తానికి మీరే అంటారు, ఐదు లక్షలు డిపాజిట్ కట్టమంటారు. విజిటింగ్ కార్డు మీద ‘మ్యానుఫ్యాక్చరర్స్’ అని బంగారు అక్షరాలు ఉంటాయి. తీరా చూస్తే ఆయనకూ ఇంకెక్కడి నుంచో సరుకు రావాలి. తప్పేమీ లేదు, వ్యాపారం అంటే కొని అమ్మడమే. కానీ ఆయన తయారీదారుడు అనుకుని మీరు లెక్కలు వేసుకుంటే మార్జిన్ తేడా వస్తుంది, సీజన్‌లో సరుకు ఆగిపోతుంది, పైపు పగిలిందని కస్టమర్ వస్తే ఎవరిని అడగాలో తెలియదు. అందుకని డబ్బు కట్టకముందే కాగితాలు చదవడం నేర్చుకోవాలి. వాటిలో చాలా భాగం ఇంట్లో కూర్చుని ఉచితంగానో, వంద రూపాయల ఖర్చుతోనో చూసుకోవచ్చు.

ఉదాహరణకు ఒక కేసు పట్టుకుందాం. ఇది ఊహించి రాసింది, అంకెలు కూడా నేను వేసినవే. ఖమ్మంలో ఒకాయన పీవీసీ పైపుల షాపు పెట్టాలనుకున్నాడు. హైదరాబాద్‌లోని ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ డీలర్‌షిప్ ఇస్తామంది. కొటేషన్ మీద జీఎస్టీ నంబర్, కంపెనీ నంబర్ ఉన్నాయి, ఐఎస్ఐ మార్కు బొమ్మ ఉంది, అడుగున ‘సొంత ఫ్యాక్టరీ’ అని ఉంది. మన పని ఆ చివరి మాట నిజమో కాదో తేల్చడం.

ముందు ప్రశ్న సరిగ్గా వేసుకోండి

‘ఈ కంపెనీ తయారీదారా, ట్రేడరా’ అని అడిగితే సగం సార్లు జవాబు ‘రెండూ’ అనే వస్తుంది. చిన్న సైజులు సొంతంగా చేసి, పెద్ద సైజులు బయట కొని అమ్మే కంపెనీలు బోలెడు. కాబట్టి మీరు తీసుకోబోయే సరుకు ఏదో, ఏ సైజో ముందు రాసుకుని, ‘ఈ సరుకు ఇతనే తయారు చేస్తాడా’ అని అడగండి. మన ఖమ్మం ఆయనకు ఇంటి ప్లంబింగ్ పైపులకంటే వ్యవసాయ బోర్లకు, లిఫ్ట్ లైన్లకు వాడే 140 మిల్లీమీటర్లు, ఆపై సైజులు ముఖ్యం. ఇది గుర్తు పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇంకో విషయం. ప్రతి కాగితాన్నీ చూసేటప్పుడు ‘దీన్ని ఎవరు నింపారు, ఎవరైనా వచ్చి చూశారా’ అని అడగండి. కొన్ని కాగితాలు వ్యాపారి తనంతట తాను టిక్కులు పెట్టి నింపినవి. కొన్ని ఆఫీసర్ వచ్చి మిషన్లు చూశాక ఇచ్చినవి. కొన్ని ఆడిటర్ సంతకం చేసినవి. మొదటి రకం ఎన్ని చూపించినా రెండో రకంలో ఒక్కదానికి సాటి రావు.

మొదటి అడుగు: జీఎస్టీ పోర్టల్

services.gst.gov.in తెరిచి Search Taxpayer లోకి వెళ్లి జీఎస్టీ నంబర్ కొట్టండి, లాగిన్ అక్కర్లేదు. పేరు, రిజిస్ట్రేషన్ తేదీ, స్టేటస్, ప్రధాన వ్యాపార స్థలం కనిపిస్తాయి. మనకు కావలసినవి రెండు. ఒకటి Nature Of Core Business Activity. ఇందులో తయారీదారు, ట్రేడర్, సేవలు అందించేవారు అనే మూడింటిలో ఒకటే ఎంచుకోవాలి. ట్రేడర్ కింద హోల్‌సేలర్ లేదా డిస్ట్రిబ్యూటర్ ఒక రకం, రిటైలర్ ఇంకో రకం. రెండోది Nature of Business Activities. ఇక్కడ ఎన్నైనా టిక్ పెట్టుకోవచ్చు: ఫ్యాక్టరీ, హోల్‌సేల్, రిటైల్, గోదాం, దిగుమతి, ఎగుమతి, సేవలు, వర్క్స్ కాంట్రాక్ట్.

ఈ రెండూ వ్యాపారి చెప్పుకున్నవే. రిజిస్ట్రేషన్ చేసేటప్పుడు ‘రేపు ఎప్పుడైనా పనికొస్తుంది’ అని ఉన్నవన్నీ టిక్ కొట్టేసే కన్సల్టెంట్లు ఉన్నారు. అందుకే ‘ఫ్యాక్టరీ’ అన్న టిక్ చూసి నమ్మేయకండి. తిరగేసి చూస్తే మాత్రం ఇది బాగా పనిచేస్తుంది. ఫ్యాక్టరీ ఉందని మీతో చెప్పిన మనిషి జీఎస్టీలో ‘హోల్‌సేల్, గోదాం’ మాత్రమే పెట్టుకుని ఉంటే, ప్రశ్నించాల్సిన మొదటి చోటు అదే. తన మాటకు తన కాగితమే అడ్డం వచ్చిందన్నమాట.

కింద సరుకుల కోడ్‌ల పట్టిక ఉంటుంది. పీవీసీ పైపులు 3917 కిందకు వస్తాయి. పైపు చేసేవాడికీ, కొని అమ్మేవాడికీ అదే కోడ్, కాబట్టి తయారీ సంగతి దీనివల్ల తేలదు. కానీ సేవల కోడ్‌లు 99తో మొదలవుతాయి, అవి కనిపిస్తే ఆగి చూడండి. 9988 అంటే వేరేవాళ్ల ముడిసరుకు తీసుకుని పని చేసిపెట్టడం, అంటే జాబ్‌వర్క్. 9987 రిపేర్లు, మెయింటెనెన్స్, ఇన్‌స్టలేషన్. 9954 నిర్మాణ సేవలు. 9961 హోల్‌సేల్ వ్యాపారానికి సంబంధించిన సేవలు, కమీషన్ మీద అమ్మిపెట్టేవాళ్లు దీని కింద కనిపిస్తారు.

ఫ్యాక్టరీ వేరే రాష్ట్రంలో ఉందని చెబితే ఇంకో చిన్న పని ఉంది. జీఎస్టీ నంబర్‌లో మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37, గుజరాత్‌కు 24. తర్వాతి పది అక్షరాలు పాన్ నంబర్. ఆ పాన్‌తో అదే పోర్టల్‌లో వెతికితే దేశం మొత్తం మీద ఆ పాన్ కింద ఉన్న జీఎస్టీ నంబర్లన్నీ వస్తాయి. గుజరాత్‌లో సొంత ఫ్యాక్టరీ నడుపుతూ అక్కడి నుంచి సరుకు పంపేవాళ్లకు 24తో మొదలయ్యే నంబర్ ఉండాలి. లేదంటే ఆ ఫ్యాక్టరీ ఇంకొకరి పేరు మీద ఉంది.

ఫ్యాక్టరీ ఈ రాష్ట్రంలోనే ఉంటే అది అదనపు వ్యాపార స్థలంగా నమోదై ఉండాలి. జీఎస్టీ సర్టిఫికెట్ అడిగినప్పుడు మొదటి పేజీ మాత్రమే వాట్సాప్‌లో పంపుతారు. అనుబంధం-ఎ కూడా పంపమనండి. అదనపు స్థలాల జాబితా అందులోనే ఉంటుంది.

రెండో అడుగు: కంపెనీ నంబర్, దాని లోపలి మోసం

కంపెనీలకు 21 అక్షరాల గుర్తింపు నంబర్ ఉంటుంది, సీఐఎన్ అంటారు. మన కేసులో అది ఇలా ఉందనుకుందాం:

```
U51909TG2011PTCxxxxxx
```

U అంటే స్టాక్ ఎక్స్ఛేంజీలో లిస్ట్ కానిది. తర్వాతి ఐదు అంకెలు వ్యాపార రకం. TG రాష్ట్రం, 2011 నమోదైన సంవత్సరం, PTC అంటే ప్రైవేట్ లిమిటెడ్, చివర రిజిస్ట్రేషన్ నంబర్.

ఆ ఐదు అంకెలు చూసి చాలామంది తప్పులో కాలేస్తారు. వ్యాపారాల వర్గీకరణ పట్టిక 2004లో ఒకటి, 2008లో ఇంకోటి వచ్చాయి. 2004 పట్టికలో 51 అంటే హోల్‌సేల్ వ్యాపారం. 2008 పట్టికలో 51 అంటే విమాన రవాణా, హోల్‌సేల్ 46లోకి వెళ్లింది. ప్లాస్టిక్, రబ్బరు వస్తువుల తయారీ పాతదాంట్లో 25, కొత్తదాంట్లో 22. కంపెనీల నంబర్లలో పాత కోడ్‌లు 2008 తర్వాత కూడా చాలా ఏళ్లు వాడారు. కాబట్టి 2011 నాటి కంపెనీలో 51 కనిపిస్తే విమానాల కంపెనీ అని కంగారు పడక్కర్లేదు, హోల్‌సేల్ అని చదువుకోవాలి.

అయినా ఈ కోడ్ చెప్పేది కంపెనీ పుట్టిన రోజు సంగతి. ట్రేడింగ్‌గా మొదలై తర్వాత ఫ్యాక్టరీ పెట్టినవాళ్లు ఉంటారు. కోడ్ మార్చుకోవడం గుర్తుండదు, లేదా అవసరం రాదు. దీన్ని సాక్ష్యం అనకండి, ఒక అనుమానం అని పక్కన పెట్టుకోండి.

మూడో అడుగు: వంద రూపాయలు పెట్టి బ్యాలెన్స్ షీట్ చదవడం

మొత్తం పనిలో నేను ఎక్కువ నమ్మేది దీన్నే. mca.gov.in లో లాగిన్ అయ్యి View Public Documents లో కంపెనీ పేరు వెతికి, వంద రూపాయలు కడితే కొద్ది గంటలపాటు ఆ కంపెనీ దాఖలు చేసిన కాగితాలు చూడవచ్చు, దించుకోవచ్చు. రెండే రెండు కావాలి: వార్షిక రిటర్న్, అంటే MGT-7 లేదా చిన్న కంపెనీలైతే MGT-7A. రెండోది ఆర్థిక పత్రాలు, అంటే AOC-4, దానికి జతచేసిన ఆడిట్ రిపోర్ట్, నోట్స్. గత రెండు మూడేళ్లవి దించుకోండి. ఒక్క ఏడాది చూసి తేల్చకండి.

వార్షిక రిటర్న్‌లో ‘ప్రధాన వ్యాపార కార్యకలాపాలు’ అని ఒక పట్టిక ఉంటుంది. అక్కడ C అంటే తయారీ, G అంటే వ్యాపారం, పక్కనే టర్నోవర్‌లో దాని వాటా ఎంత శాతమో రాసి ఉంటుంది. ‘C, 100 శాతం’ అని ఉన్నా అక్కడే ఆగకండి. నిరుటి ఫారంలో ఉన్నదాన్నే కాపీ చేసి పెట్టడం మామూలే.

అసలు కథ లాభనష్టాల పట్టికలో ఉంటుంది. కంపెనీల చట్టం షెడ్యూల్ 3 ప్రకారం ఖర్చుల వైపు రెండు వరుసలు విడివిడిగా చూపాలి. ఒకటి Cost of materials consumed, అంటే వాడిన ముడిసరుకు. రెండోది Purchases of Stock-in-Trade, అంటే అమ్మడానికి కొన్న తయారైన సరుకు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే సగం జవాబు దొరికినట్టే.

మన కంపెనీలో ఇలా ఉందనుకుందాం. అమ్మకాలు 40 కోట్లు. వాడిన ముడిసరుకు 5 కోట్లు. అమ్మడానికి కొన్న సరుకు 31 కోట్లు. అంటే సరుకు మీద పెట్టిన 36 కోట్లలో 86 శాతం బయట కొన్నదే. ‘సొంత ఫ్యాక్టరీ’ అబద్ధం కాదు, కానీ అమ్మకాల్లో ఎక్కువ భాగం ఆ ఫ్యాక్టరీ నుంచి రావడం లేదు.

ఆ 5 కోట్ల తయారీ అయినా నిజమేనా? ఇప్పుడు నోట్స్‌లోకి వెళ్లి ‘ఇతర ఖర్చులు’ వెతకండి. పవర్ అండ్ ఫ్యూయల్ 18 లక్షలు ఉందనుకుందాం. యూనిట్ సుమారు 8 రూపాయలు వేసుకుంటే అది ఏడాదికి 2.25 లక్షల యూనిట్లు. ముడిసరుకు కిలో సుమారు 80 రూపాయలు వేసుకుంటే 5 కోట్లకు 625 టన్నులు. భాగిస్తే టన్నుకు 360 యూనిట్లు. పీవీసీని వేడిచేసి పైపుగా నెట్టే పనికి కరెంటు గట్టిగానే ఖర్చవుతుంది కాబట్టి ఈ అంకె నమ్మదగ్గదిగానే ఉంది. అదే పవర్ ఖర్చు 2 లక్షలే ఉంటే టన్నుకు 40 యూనిట్లు వచ్చేది. అలాంటప్పుడు ‘ముడిసరుకు’ పేరుతో కొన్నది పౌడరు కాదు, తయారైన పైపులేమో అని అనుమానించాలి. ఈ లెక్కకు సూక్ష్మత అక్కర్లేదు, పది రెట్ల తేడా ఉందా లేదా అన్నది చూస్తే చాలు. లైట్లూ, ఏసీలూ మాత్రమే తిరిగే ఆఫీసు కరెంటుతో పైపులు రావు. చూసే ముందు ఒక్కటి గమనించండి: పట్టిక పైన అంకెలు రూపాయల్లోనా, వేలల్లోనా, లక్షల్లోనా అన్నది రాసి ఉంటుంది. అక్కడ పొరబడితే మిగతాదంతా తలకిందులే.

ఇంకో రెండు చోట్లు చూడండి. నిల్వల నోట్‌లో ముడిసరుకు, పనిలో ఉన్న సరుకు, తయారైన సరుకు, అమ్మడానికి కొన్న సరుకు విడివిడిగా ఉంటాయి. ఏటా చివర్లో ముడిసరుకు సున్నా, పనిలో ఉన్నది సున్నా అయితే ఫ్యాక్టరీ నడవడం లేదన్నమాట. స్థిరాస్తుల నోట్‌లో ప్లాంట్ అండ్ మెషినరీ విలువ చూడండి. తరుగుదల పోయాక మిగిలింది కాదు, మొదట పెట్టిన మొత్తం చూడాలి. పాత మిషన్లు పుస్తకాల్లో దాదాపు సున్నాకు వచ్చినా తిరుగుతూనే ఉంటాయి.

సంబంధిత పార్టీల నోట్ కూడా వదలకండి. అన్నదమ్ములు రెండు కంపెనీలు పెట్టి, ఒకదాంట్లో తయారీ, ఇంకోదాంట్లో మార్కెటింగ్ చేయడం మనవైపు బాగా ఉంది. మీతో మాట్లాడుతున్నది మార్కెటింగ్ కంపెనీ అయితే, తయారీ కంపెనీ నుంచి ఎంత కొన్నారో ఆ నోట్‌లో ఉంటుంది. ఇది మోసం కాదు. కానీ వారంటీ ఎవరిస్తున్నారో, మీరు కట్టే డిపాజిట్ ఏ కంపెనీ ఖాతాలో పడుతోందో అప్పుడు అడగాలి.

ఎల్‌ఎల్‌పీ, అంటే పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ అయితే ఫారం 8 చూడండి. అందులో కూడా ముడిసరుకు, తిరిగి అమ్మడానికి కొన్నది, పవర్ వేర్వేరు వరుసల్లో ఉంటాయి.

జాబ్‌వర్క్ దగ్గర లెక్క తిరగబడుతుంది

పై లెక్కతో రెండు రకాల వాళ్లు తప్పుగా చదవబడతారు. ఇక్కడ కొంచెం నిదానించాలి.

ఒకడి దగ్గర మిషన్లు ఉంటాయి, కార్మికులు ఉంటారు, కరెంటు బిల్లు లక్షల్లో ఉంటుంది. కానీ లాభనష్టాల పట్టికలో ముడిసరుకు దాదాపు సున్నా. ఆదాయం ‘సరుకు అమ్మకం’ కింద కాకుండా ‘సేవల అమ్మకం’ కింద ఉంటుంది. వాడు ఇతరుల ముడిసరుకు తీసుకుని చేసిపెట్టే జాబ్‌వర్కర్. ఫ్యాక్టరీకి వెళ్లి చూస్తే వాడికంటే పెద్ద తయారీదారుడు లేడనిపిస్తుంది, జీఎస్టీ లెక్కలో మాత్రం వాడు సేవ చేస్తున్నాడు. సరుకు వాడిది కాదు, మీకు అమ్మే హక్కు కూడా వాడికి ఉండకపోవచ్చు.

ఇంకొకడు దీనికి పూర్తిగా ఎదురు. ముడిసరుకు కోట్లలో కొన్నట్టు ఉంటుంది, మిషన్లు ఏమీ ఉండవు, పవర్ ఖర్చు నామమాత్రం. ఖర్చుల్లో ‘ప్రాసెసింగ్ ఛార్జీలు’ లేదా ‘జాబ్‌వర్క్ ఛార్జీలు’ పెద్దగా కనిపిస్తాయి. ఇతను బ్రాండ్ యజమాని. ముడిసరుకు తను కొని ఎవరి దగ్గరో చేయిస్తాడు. ఇతన్ని తయారీదారు అనాలా వద్దా అన్నది మీ అవసరాన్ని బట్టి ఉంటుంది. నాణ్యత బాధ్యత తీసుకుంటాడా అంటే తీసుకోవచ్చు. సీజన్‌లో సరుకు ఆగకుండా వస్తుందా అంటే, ఆ చేసిపెట్టేవాడు ఇంకెవరికి చేస్తున్నాడో తెలిస్తే గాని చెప్పలేం.

మందుల వ్యాపారంలో ఈ తేడా లైసెన్సులోనే రాసి ఉంటుంది. సొంత ప్లాంట్ ఉన్నవాళ్లకు ఫారం 25, 28 కింద తయారీ లైసెన్సు. ఇంకొకరి ప్లాంట్‌లో చేయించుకునేవాళ్లకు 25ఎ, 28ఎ, వీటిని లోన్ లైసెన్సు అంటారు. హోల్‌సేలర్లకు 20బి, 21బి. మెడికల్ షాపుకు 20, 21. మిగతా రంగాలన్నింట్లో ఇంత తేటగా ఉంటే మన పని సగమయ్యేది.

నాలుగో అడుగు: ఆఫీసర్ చూసి ఇచ్చిన లైసెన్సులు

మన పైపుల కేసులో ముఖ్యమైనది ఐఎస్ఐ లైసెన్సు. బీఐఎస్ ఈ లైసెన్సును తయారీదారుకే ఇస్తుంది, అదీ ఒక నిర్దిష్ట ఫ్యాక్టరీ అడ్రస్‌కే. ట్రేడర్ పేరు మీద రాదు. మార్కు దగ్గర CM/L అని ఒక నంబర్ ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో Verify Licence Details లోకి వెళ్లి ఆ నంబర్ కొడితే లైసెన్సు ఎవరి పేరు మీద ఉంది, ఏ అడ్రస్, ఏ ప్రమాణం, నడుస్తోందా లేదా అన్నది వస్తుంది. తాగునీటి పీవీసీ పైపులకు ప్రమాణం ఐఎస్ 4985.

కొటేషన్ మీద అచ్చేసిన నంబర్ ఒక్కటే చూడకండి. గోదాంకు వెళ్లి, మీరు కొనబోయే సైజు పైపు మీద ముద్రించిన నంబర్ చూడండి. ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మన కథలో 75 మిల్లీమీటర్ల పైపు మీద కంపెనీ సొంత నంబరే ఉంది. 160 మిల్లీమీటర్ల పైపు మీద వేరే నంబర్ ఉంది, యాప్‌లో కొడితే ఇంకో రాష్ట్రంలోని ఇంకో కంపెనీ పేరు వచ్చింది. లైసెన్సుకు ఏ సైజులు, ఏ ప్రెషర్ క్లాసులు వర్తిస్తాయో కూడా ఒక పరిధి ఉంటుంది. లైసెన్సు కాపీ అడిగేటప్పుడు ఆ పరిధి ఉన్న పేజీ కూడా అడగండి. మీ సైజు అందులో లేకపోతే ఆ సైజుకు ఇతను ట్రేడరే.

కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే అనుమతులు రెండు: ఫ్యాక్టరీ పెట్టడానికి ఒకటి, నడపడానికి ఒకటి. రెండోదాన్ని సీఎఫ్‌ఓ అంటారు. అందులో ఏ వస్తువు, రోజుకో నెలకో ఎంత తయారు చేయవచ్చో రాసి ఉంటుంది. ఇది చాలామంది చూడరు, కానీ దీనికి మించిన కాగితం అరుదు. అమ్మకాలు టన్నుల్లోకి మార్చి అనుమతి ఉన్న సామర్థ్యంతో పోల్చండి. అమ్మింది సామర్థ్యానికి నాలుగింతలుంటే, ఆ పైది ఎక్కడి నుంచో కొన్నదే. కాలుష్యం లేని తెల్ల వర్గంలోకి వచ్చే పరిశ్రమలకు ఈ అనుమతి అక్కర్లేదు కాబట్టి, కాగితం లేదంటే ముందు ఏ వర్గమో అడగండి. ఫ్యాక్టరీ లైసెన్సు సంగతీ అంతే. కార్మికుల సంఖ్య తక్కువగా ఉన్న చిన్న యూనిట్లకు అది ఉండదు, లేనంత మాత్రాన అబద్ధం అనలేం.

ఆహార పదార్థాలైతే foscos.fssai.gov.in లో 14 అంకెల నంబర్ కొట్టి వ్యాపార రకం చూడండి. తయారీదారు, రీప్యాకర్, రీలేబులర్, హోల్‌సేలర్, డిస్ట్రిబ్యూటర్, మార్కెటర్, దిగుమతిదారు, అన్నీ వేర్వేరు రకాలు. ‘మా గానుగ నూనె’ అని అమ్మేవాళ్ల లైసెన్సు రీప్యాకర్‌ది అయితే గానుగ వాళ్లది కాదు. ప్యాకెట్ మీద ‘తయారీ’ ఎవరు, ‘ప్యాకింగ్’ ఎవరు, ‘మార్కెటింగ్’ ఎవరు అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, భూతద్దం పెట్టయినా చదవండి.

కంపెనీ కాకపోతే

సొంత పేరు మీద, మామూలు భాగస్వామ్యం మీద నడిచేవాళ్లకు ఎంసీఏలో ఏమీ దొరకదు. ఆటోనగర్‌లో, బాలానగర్‌లో ఉన్న చిన్న యూనిట్లలో ఎక్కువ భాగం ఇలాంటివే. వీళ్లు చిన్న వ్యాపారాల నమోదుకు ఇచ్చే ఉద్యం సర్టిఫికెట్ చూపిస్తారు. udyamregistration.gov.in లో నంబర్ సరిచూడవచ్చు. అందులో ప్రధాన కార్యకలాపం తయారీయా, సేవలా, వ్యాపారమా అని ఉంటుంది, కింద వర్గీకరణ కోడ్‌లు ఉంటాయి. ఇక్కడ వాడేది 2008 పట్టికే: 10 నుంచి 33 వరకు తయారీ, 45 నుంచి 47 వరకు వ్యాపారం.

కానీ ఉద్యం కూడా సొంతంగా చెప్పుకునేదే. పైగా ‘తయారీ’ అని రాసుకోవాలన్న ఆశ కూడా ఉంటుంది. 2021 జులైలో వ్యాపారులను కూడా ఉద్యంలోకి తీసుకున్నారు గానీ, వాళ్లకు ప్రయోజనం బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల వరకే. ఆలస్యంగా డబ్బు కట్టేవాళ్ల మీద ఫిర్యాదు చేసుకునే రక్షణ లాంటివి తయారీ, సేవల వాళ్లకే. అందుకని ట్రేడర్లు కూడా ఏదో ఒక తయారీ కోడ్ చేర్చుకుంటారు. తయారీ కోడ్‌తోపాటు 46, 47 కూడా ఉంటే ఆ వ్యాపారం రెండు కాళ్ల మీద నడుస్తోందని అర్థం చేసుకోండి.

ఇలాంటి చోట నేను అడిగేది కరెంటు బిల్లు. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో కూడా చిన్న పరిశ్రమల కనెక్షన్ ఎల్‌టీ-3 కేటగిరీ, దుకాణాలూ ఆఫీసులూ ఎల్‌టీ-2. బిల్లు మీద పేరు, అడ్రస్, కేటగిరీ, వాడిన యూనిట్లు ఒకే కాగితంలో ఉంటాయి. మూడు నెలల బిల్లులు చూస్తే మిషన్ తిరుగుతోందో, తాళం వేసి ఉందో తెలిసిపోతుంది. షెడ్డు అద్దెదైతే బిల్లు యజమాని పేరు మీద ఉంటుంది, అప్పుడు అద్దె ఒప్పందం కూడా అడగాలి. ఇవ్వడానికి ఇబ్బంది పడితే ‘బిల్లు మొత్తం వద్దు సార్, రేట్లు చెరిపేసి పంపండి’ అనండి. నిజంగా మిషన్లు ఉన్నవాడికి దాచాల్సినది పెద్దగా ఉండదు.

డిస్ట్రిబ్యూటర్‌ను ఎలా గుర్తుపట్టాలి

ఇది కాగితాల్లో అన్నింటికంటే మసకగా ఉండే రకం. ఆహారం లాంటి ఒకటి రెండు రంగాలు తప్పిస్తే ‘డిస్ట్రిబ్యూటర్’ అని ప్రత్యేక లైసెన్సు లేదు. జీఎస్టీలో హోల్‌సేలర్, డిస్ట్రిబ్యూటర్ ఒకే గాటన కట్టారు. బ్యాలెన్స్ షీట్‌లో ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. తేడా అంతా తయారీ కంపెనీతో ఉన్న ఒప్పందంలో ఉంటుంది: ఏ ప్రాంతం, ఎప్పటి దాకా, కింద డీలర్లను పెట్టుకునే హక్కు ఉందా. ఆ చివరి హక్కు లేకుండా మీకు డీలర్‌షిప్ ఇస్తే ఆ కాగితానికి విలువ లేదు. అధికార పత్రం చూపిస్తే గడువు తేదీ చూడండి. తయారీ కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబర్‌కు మీరే ఫోన్ చేయండి, వీళ్లిచ్చిన నంబర్‌కు కాదు.

ఒక ఇన్‌వాయిస్ అడిగితే ఇంకో తేడా బయటపడుతుంది. బిల్లు ఇతని పేరు మీద వస్తే ఇతను కొని అమ్ముతున్నాడు. బిల్లు నేరుగా తయారీ కంపెనీ నుంచి మీకు వస్తూ, ఇతనికి కమీషన్ మాత్రమే అందుతుంటే ఇతను ఏజెంట్. అంటే సేవ అందించేవాడు. సరుకు పాడైతే ఇతని చేతుల్లో ఏమీ ఉండదు.

చివరి పరీక్ష: ఒక లోడు తెప్పించుకోండి

డిపాజిట్ కట్టకముందు ఒక మామూలు ఆర్డర్ ఇవ్వండి, మీరు ఎక్కువగా అమ్మబోయే సైజులో. విలువ 50 వేలు దాటేలా చూసుకోండి, ఈ-వే బిల్లు తప్పనిసరి అవుతుంది. ఆ బిల్లులో అమ్మేవాడి పేరు ఒక చోట, Dispatch From కింద సరుకు బయలుదేరిన అడ్రస్ ఇంకో చోట ఉంటాయి. మీరు జీఎస్టీ సర్టిఫికెట్ అనుబంధంలో చూసిన ఫ్యాక్టరీ అడ్రస్, బీఐఎస్ యాప్‌లో చూసిన అడ్రస్, ఇక్కడ ఉన్న అడ్రస్, మూడూ ఒకటేనా?

మన ఖమ్మం ఆయన విషయంలో కాలేదు. 75 మిల్లీమీటర్ల పైపులు కంపెనీ ఫ్యాక్టరీ నుంచే వచ్చాయి. 160 మిల్లీమీటర్లవి అదే నగరంలోని వాళ్ల గోదాం నుంచి వచ్చాయి, పైపు మీద నంబర్ వేరే కంపెనీది. కొన్నిసార్లు తయారీదారు కూడా గోదాం నుంచే పంపుతాడు కాబట్టి, అడ్రస్ ఒక్కటే చూసి తేల్చకుండా పైపు మీది నంబర్‌తో కలిపి చూడాలి.

ఇప్పుడు అన్నీ ఒకచోట పెడితే కంపెనీ అబద్ధం చెప్పలేదు. చిన్న సైజుల్లో నిజంగా తయారీదారు, పెద్ద సైజుల్లో ట్రేడర్. ఆ ఖమ్మం ఆయన ఇక అడగాల్సినవి కూడా మారిపోయాయి. పెద్ద సైజులకు అసలు తయారీదారుతో మీకు ఒప్పందం ఉందా? ఆ కంపెనీ మీకు సరుకు ఆపితే నాకు ఎన్ని రోజుల్లో చెబుతారు? పగిలిన పైపుకు రీప్లేస్‌మెంట్ మీరే ఇస్తారా, వాళ్లు ఇచ్చే దాకా ఆగాలా? డిపాజిట్ మొత్తం చిన్న సైజుల అమ్మకాలకు మాత్రమే లెక్కగట్టి తగ్గిస్తారా? ఈ నాలుగింటికీ జవాబులు అగ్రిమెంట్‌లో రాయించుకున్నాక చెక్కు ఇవ్వొచ్చు. పెద్ద సైజులకు రేటు మరీ ఎక్కువనిపిస్తే, పైపు మీదున్న ఆ రెండో నంబర్ కంపెనీ పేరు, అడ్రస్ ఇప్పటికే ఆయన ఫోన్‌లో ఉన్నాయి.